ఎనిమిది గట్టెక్కినా... హెచ్ ఉంది!

కారు నేర్చుకోవడం ఒక ఎత్తు, ట్రాక్ మీద ఇన్‌స్పెక్టర్ చూస్తుండగా నడపడం మరో ఎత్తు. నేలకొండపల్లి నుంచి లైసెన్సు కోసం జిల్లా కేంద్రమైన ఖమ్మం బయల్దేరే కుర్రాళ్లలో చాలామందికి ముదిగొండ మీదుగా రోడ్డుపై బండి నడపడం భయమేమీ కాదు. చేతులు వణికేది నాలుగు గుంజల మధ్య, అదీ వెనక్కి వెళ్లాల్సి వచ్చినప్పుడు.

ఒకసారి తప్పితే పోయేదేముంది, మళ్లీ వెళ్లొచ్చు అనుకుంటారు. ముందు ఆ లెక్క చూద్దాం. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. అది చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లాలి. తప్పితే 7 రోజులు ఆగాలి. మూడుసార్లు తప్పితే మాత్రం మోటారు వాహనాల చట్టం ప్రకారం 60 రోజుల దాకా ట్రాక్ ఎక్కనివ్వరు. ఉదాహరణకు ఒకబ్బాయికి జూన్ 1న ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందనుకుందాం. నవంబర్ 30తో దాని గడువు తీరిపోతుంది. వరినాట్లనీ, పరీక్షలనీ వాయిదా వేస్తూ సెప్టెంబర్ 20న మొదటి టెస్టుకు వెళ్లాడు. అది తప్పాడు, తర్వాతదీ తప్పాడు, అక్టోబర్ 6న మూడోసారీ తప్పాడు. 60 రోజులు లెక్కేస్తే డిసెంబర్ 5 అవుతుంది. అప్పటికి ఎల్‌ఎల్‌ఆర్ ఉండదు. కథ మళ్లీ మొదటికి! అదే అబ్బాయి జులైలోనే వెళ్లి ఉంటే మూడుసార్లు తప్పినా ఇంకా సమయం మిగిలేది.

వెనక చక్రం చేసే మోసం

ఎనిమిదిలోనైనా హెచ్‌లోనైనా ఎక్కువమందిని తప్పించేది ఒకే సంగతి. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. రాజేశ్వరపురం చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే ట్రాక్టర్లను చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇంజిన్ మూల దాటేస్తుంది, వెనక ట్రాలీ మాత్రం మూలమీద రాయిని రాసుకుంటూ పోతుంది. కారులోనూ అంతే. కాకపోతే వెనక చక్రం మనకు కనబడదు.

ఎంత లోపలికి వస్తుందో ఆల్టో 800తో చూద్దాం. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.36 మీటర్లు. స్టీరింగ్ ఫుల్ కటింగ్ చేస్తే బయటివైపు ముందు చక్రం 4.6 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. అదేవైపు వెనక చక్రం తిరిగేది సుమారు 3.95 మీటర్లతో. అంటే తేడా 65 సెంటీమీటర్లు, రెండడుగుల పైమాటే. పెద్ద కారైతే ఇంకా ఎక్కువ.

అందుకే ఎనిమిదిలో లోపలి గుంజల్ని పట్టుకుని తిరగకూడదు. ముందు చక్రాన్ని బయటి గీతకు దగ్గరగా నడిపిస్తే వెనక చక్రానికి చోటు దొరుకుతుంది. బండి మొదటి గేరులో నెమ్మదిగా పాకాలి. కుడి సున్నాలో లోపలి గుంజలు డ్రైవరు పక్కనే ఉంటాయి కాబట్టి ధైర్యంగా ఉంటుంది. ఎడమ సున్నాకు వచ్చేసరికి అవి అవతలివైపు పడతాయి. అక్కడ ఎడమ అద్దమే దిక్కు. ఎక్కేముందే ఆ అద్దంలో వెనక తలుపు పిడి, దాని కింద నేల కనబడేలా సర్దుకోవాలి. రెండు సున్నాలూ కలిసేచోట స్టీరింగును ఒక చివర్నుంచి మరో చివరికి తిప్పాలి, అది మూడు చుట్లకు పైగానే ఉంటుంది. వేగంగా వస్తే చేతులు అంత తిరిగేలోపే బండి బయటి గీత తొక్కేస్తుంది. కూడలికి రాకముందే స్టీరింగ్ విప్పడం మొదలుపెట్టాలి.

హెచ్‌లో ముక్కు ఊగుతుంది

హెచ్‌లో సాధారణంగా ఒక నిలువు గీతలోకి ముందుకు వెళ్లి, అక్కణ్నుంచి రివర్సులో మధ్య అడ్డగీత గుండా రెండో నిలువు గీతలోకి రావాలి. మళ్లీ ముందుకు వెళ్లి, అదే దారిన మొదటి గీతకు వెనక్కి రావాలి. గీతల కొలతలూ, వరుసా ట్రాక్‌ను బట్టి మారతాయి. మన వంతు రాకముందే నాలుగు బండ్లు వెళ్లడం చూస్తే సగం అర్థమవుతుంది.

రివర్సులో స్టీరింగ్ కుడికి తిప్పితే బండి తోక కుడికే వెళ్తుంది. గాభరాలో చాలామంది దీన్ని తిరగేస్తారు. ఎడమ నిలువు గీతతో మొదలైతే, అడ్డగీతలోకి కుడికి కోయాలి, బండి వాలుగా సాగాక నిటారు చేసుకోవాలి, రెండో గీత దగ్గర ఎడమకు కోయాలి. తిరుగు ప్రయాణంలో ముందు ఎడమ, తర్వాత కుడి.

ఇక్కడ తంటా తోకతో కాదు, ముక్కుతో. తోక కుడికి వెళ్తుంటే ముందు బంపరు ఎడమకు ఊగుతుంది. దారి వెడల్పు 3 మీటర్లు అనుకుందాం. ఆల్టో వెడల్పు దాదాపు 1.5 మీటర్లు. సరిగ్గా మధ్యలో ఉంటే చెరోవైపు 75 సెంటీమీటర్లు మిగులుతాయి. ఫుల్ కటింగులో ముందు చక్రం 65 సెంటీమీటర్లు బయటికి ఊగుతుంది. మిగిలేది 10 సెంటీమీటర్లు, అందులోనే బంపరు అంచు కూడా పట్టాలి. ఒక జానెడు పక్కకు జరిగి వెళ్లినా ఆ చోటు పోతుంది. కాబట్టి రివర్సు మొదలుపెట్టే ముందే బండి నిటారుగా, మధ్యలో ఉందా అని రెండు అద్దాల్లో చూసుకోవాలి.

ఎప్పుడు కోయాలి? వెనక చక్రం మూల గుంజ పక్కకు వచ్చాక కోస్తే ఆలస్యమైనట్టే, బండి అడ్డగీత అవతలి అంచుకు వెళ్లి తగులుతుంది. మరీ ముందే కోస్తే లోపలి గుంజ మీదికి చక్రం ఎక్కుతుంది. అద్దంలో ఆ గుంజకూ బండికీ మధ్య కనబడే సందు చిక్కిపోతోందంటే ముందే కోసినట్టు, వెంటనే స్టీరింగ్ కాస్త విప్పాలి. సందు పెరిగిపోతోందంటే ఇంకా కోయాలి. ఇది చూసుకునే తీరిక ఉండాలంటే బండి నడక వేగం కన్నా తక్కువలో ఉండాలి. క్లచ్ సగం వదిలి నడిపిస్తే సరిపోతుంది, యాక్సిలరేటర్ అక్కర్లేదు.

ఎత్తుమీద అంగుళం జారకుండా

వాలుమీద బండి ఆపి మళ్లీ కదిలించాలి, వెనక్కి జారకూడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 15వ నిబంధన ఈ మాట స్పష్టంగా చెబుతోంది. ఆపగానే హ్యాండ్‌బ్రేక్ వేయాలి. మొదటి గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ మెల్లగా వదులుతూ రావాలి. ఒకచోట ఇంజిన్ గొంతు మారుతుంది, శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా లేస్తుంది. బండి లాగడానికి సిద్ధమైందని అర్థం. పాదాన్ని అక్కడే ఉంచి హ్యాండ్‌బ్రేక్ దించాలి. ఆ గుర్తు రాకముందే దించితే జారుతుంది, వచ్చాక కూడా క్లచ్ ఇంకా వదిలేస్తే బండి ఆగిపోతుంది. ఆగిపోతే కంగారులో క్లచ్ తొక్కి వదిలేస్తే వెనక్కి జారడం ఖాయం. ముందు బ్రేకు, హ్యాండ్‌బ్రేకు, ఆ తర్వాతే న్యూట్రల్ చేసి సెల్ఫ్ కొట్టాలి.

నేలకొండపల్లి చుట్టుపక్కల నేల చాలావరకు బల్లపరుపు. అందుకే నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పించుకునేది ఈ సాధనే. సాగర్ కాల్వ కట్టలపైకి ఎక్కే చిన్న వాలు దారులు, జనం తిరగని వేళ, దీనికి పనికొస్తాయి. ముందూ వెనకా ఎల్ బోర్డు, పక్కన లైసెన్సు ఉన్న శిక్షకుడు తప్పనిసరి. వెనక చక్రం కింద నేలమీద సుద్దతో గీత గీసి, బండి కదిలాక చక్రం దాన్ని దాటి వెనక్కి వచ్చిందో లేదో పక్కన నిలబడ్డ మనిషిని చూడమంటే తెలిసిపోతుంది.

మరో ముచ్చట. టెస్టు రోజు ట్రాక్ దగ్గర దొరికే అద్దెకారు ఎక్కితే, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలిసేసరికే వాలు వచ్చేస్తుంది. నేర్చుకున్న కారునే తీసుకెళ్లడం మంచిది. ఆర్సీ, బీమా, పొల్యూషన్ కాగితాలు అందులో ఉన్నాయో లేవో బయల్దేరే ముందు రాత్రే చూసుకోవాలి.