ఐఎన్‌ఆర్ చీటీ ఎవరికి తప్పింది, ఎవరికి తప్పదు

1920లలో అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. ఆ గడ్డిలోని విషాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం పట్టుకుంది. వార్ఫరిన్ ఆ కుటుంబంలోదే. 1948లో ఎలుకల మందుగా మొదలై, 1954లో మనుషులకూ అనుమతి పొందింది.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లలో కొన్నింటిని తయారుచేయడానికి లివర్‌కు విటమిన్ కె కావాలి. వాడిన విటమిన్‌ను శరీరం మళ్లీ పనికొచ్చేలా చేసుకుంటుంది. వార్ఫరిన్ ఆ పనికే అడ్డుపడుతుంది. అప్పటికే రక్తంలో ఉన్న ప్రొటీన్లు ఖర్చయ్యేదాకా మందు పూర్తిగా పట్టదు కాబట్టి నాలుగైదు రోజులైనా ఆగాలి. మన దగ్గర ఎక్కువగా రాసే ఎసినోకుమరాల్‌దీ ఇదే దారి.

గుండె లయ తప్పిన ఒక పెద్దాయన వార్ఫరిన్ వాడుతున్నాడనుకుందాం. గడ్డకట్టే వేగాన్ని చెప్పే ఐఎన్‌ఆర్ 2.4 ఉంది. ఆయనకు 2 నుంచి 3 మధ్య ఉండాలి కాబట్టి బాగున్నట్టే. ఇంతలో విరేచనాలు పట్టుకుంటే మందుల షాపులో మెట్రోనిడజోల్ తెచ్చుకున్నాడు. అది వార్ఫరిన్‌ను లివర్ విరగ్గొట్టకుండా ఆపుతుంది. వారం తిరిగేసరికి ఐఎన్‌ఆర్ 5 దాటవచ్చు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగదు, మలం నల్లగా వస్తుంది. తోటకూర, పాలకూర ఉన్నట్టుండి ఎక్కువ తింటే దీనికి తలకిందులు. ఐఎన్‌ఆర్ పడిపోతుంది. ఆకుకూరలు మానేయనక్కర్లేదు, ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు.

కొత్త మందులకు విటమిన్ కె తో పనిలేదు. డాబిగాట్రాన్ నేరుగా త్రాంబిన్‌ను, అపిక్సాబాన్, రివరాక్సాబాన్ దానికి ముందు మెట్టయిన ఫ్యాక్టర్ టెన్‌ను పట్టుకుంటాయి. రెండు నుంచి నాలుగు గంటల్లో పూర్తిగా పనిచేస్తాయి. ఐఎన్‌ఆర్ అక్కర్లేదు గానీ కిడ్నీల పనితీరు మాత్రం చూపించుకుంటూ ఉండాలి, మందు బయటికి పోయే దారుల్లో అదొకటి. పైగా ఒకరోజు మాత్రలు మరిచిపోతే రక్షణ దాదాపు పోయినట్టే. వార్ఫరిన్ అంత తొందరగా దిగదు.

రక్తస్రావం సంగతి? 2011లో 18,201 మందిపై వెలువడిన అరిస్టాటిల్ అధ్యయనంలో, వార్ఫరిన్‌తో పోలిస్తే అపిక్సాబాన్‌తో పెద్ద రక్తస్రావాలు మూడో వంతు దాకా తగ్గాయి. అందరూ భయపడే పుర్రె లోపలి రక్తస్రావం సగానికి పైగా తగ్గింది. అన్ని కొత్త మందులూ ఒకటి కాదు. రివరాక్సాబాన్‌తోనూ, డాబిగాట్రాన్ ఎక్కువ మోతాదుతోనూ జీర్ణకోశంలో రక్తస్రావం వార్ఫరిన్‌ కంటే ఎక్కువే కనిపించింది.

లోహపు కవాటం వేయించుకున్నవారికి మాత్రం ఈ కొత్త మందులు వద్దు. వారిలో డాబిగాట్రాన్‌ను పరీక్షిస్తే గడ్డలూ, రక్తస్రావమూ రెండూ పెరిగి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. చిన్నప్పటి కీళ్లవాతం వల్ల కవాటం సన్నబడి, గుండె లయ తప్పినవారిదీ ఇదే కథ. మన దేశంలో ఇలాంటివారు తక్కువేం కాదు. భారత్‌తో సహా అనేక దేశాల రోగులతో సాగి 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో రివరాక్సాబాన్ వాడినవారి కంటే వార్ఫరిన్ తరహా మందులు వాడినవారిలో మరణాలు తక్కువ, రక్తస్రావం కూడా చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.