నైట్ లైట్ పెట్టినా కళ్లు ఎందుకు మండుతున్నాయి?



గత పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఏడో తరగతి పాప తండ్రి ఒకాయన కంప్యూటర్ ల్యాబ్ దగ్గర ఆగారు. కైకలూరు వైపు రొయ్యల మేత అమ్మే ఒక డీలర్ దగ్గర ఆయన లెక్కలు చూస్తారు. పట్టుబడుల రోజుల్లో చెరువుల దగ్గర నుంచి కాటా లెక్కలు వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఏలూరులోని ఇంట్లో పది గంటలకు లాప్‌టాప్ తెరిస్తే మూసేది పన్నెండున్నరకే.

"ఎవరో చెబితే నైట్ లైట్ పెట్టానండి. స్క్రీనంతా పసుపు అయిపోయింది. కళ్ల మంట మాత్రం అలాగే ఉంది. నేనేమైనా తప్పు పెట్టానా?" అని అడిగారు.

ఆయన తప్పేమీ పెట్టలేదు. నైట్ లైట్ ఒక్కటే కళ్ల మంటను తగ్గిస్తుందని అనుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది. మన బ్రాంచీల్లో చాలామంది తల్లిదండ్రులు రాత్రి పూట స్క్రీన్ ముందు పని చేస్తారు కాబట్టి ఈ సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

కలర్ టెంపరేచర్ అంటే

కొలిమిలో పెట్టిన ఇనుము ముందు ఎర్రగా, వేడి పెరిగే కొద్దీ పసుపుగా, ఆ తర్వాత తెల్లగా వెలుగుతుంది. కాంతి రంగును చెప్పడానికి వాడే కెల్విన్ అంకె ఈ లెక్క నుంచే వచ్చింది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు దాదాపు 2700 కెల్విన్. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే తెల్లని ఎల్‌ఈడీ ట్యూబు 6500 కెల్విన్. మామూలుగా లాప్‌టాప్, ఫోన్ స్క్రీన్లు కూడా ఇంచుమించు 6500 దగ్గరే ఉంటాయి. అంకె పెరిగితే కాంతి నీలం వైపుకి, తగ్గితే పసుపు వైపుకి జరుగుతుంది.

స్క్రీన్ మీద ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు దీపాలు ఉంటాయి. నైట్ లైట్ ఆన్ చేస్తే నీలం బాగా, ఆకుపచ్చ కొంచెం తగ్గుతాయి. అందుకే తెల్ల పేజీ పసుపుగా కనిపిస్తుంది. 2009లో వచ్చిన ఎఫ్.లక్స్ అనే ప్రోగ్రామ్ కంప్యూటర్లలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది. 2016లో ఐఫోన్‌లో, 2017లో విండోస్ 10లో ఇదే సదుపాయం లోపలే వచ్చేసింది.

నీలాన్ని తగ్గించడానికి కారణం నిద్ర. కంటి వెనక పొరలో, చూపుకి వాడే కణాలు కాక, పగలో రాత్రో మెదడుకు తెలిపే కణాలు కొన్ని ఉన్నాయి. నీలం వైపు కాంతికి అవి ఎక్కువగా స్పందిస్తాయి. రాత్రి పదింటికి ఆ కాంతి గట్టిగా పడితే ఇంకా పగలేనని శరీరం అనుకుంటుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా వస్తుంది.

మంట, బరువు, తలనొప్పి మాత్రం వేరే కారణాల వల్ల వస్తాయి. స్క్రీన్ మీద మనసు పెట్టి చూసేటప్పుడు రెప్ప వేయడం సగానికి పైగా తగ్గిపోతుంది. కంటి మీద తడి ఆరిపోతుంది, నెత్తిన ఫ్యాను ఉంటే ఇంకా తొందరగా. గది చీకటిగా ఉండి స్క్రీన్ మాత్రం వెలుగుతుంటే కంటిపాప పెద్దదవుతుంది, ఆ కాంతి గుచ్చుకుంటుంది. దగ్గరి వస్తువునే గంటల తరబడి చూస్తే కంటి లోపలి కండరం అలసిపోతుంది. నీలం తగ్గించినంత మాత్రాన ఈ మూడూ పోవు.

నీలి కాంతిని ఆపే కళ్లజోళ్ల మీద జరిగిన 17 ప్రయోగాలను 2023లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కళ్ల అలసట తగ్గినట్టు కనిపించలేదని తేల్చింది. నిద్ర విషయంలోనూ నైట్ లైట్ ఒక్కటే చాలదు. 2021లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు 167 మంది యువతీయువకులను పరిశీలించారు. ఐఫోన్ నైట్ షిఫ్ట్ పెట్టుకుని ఫోన్ చూసినవారికీ, పెట్టుకోకుండా చూసినవారికీ మొత్తం మీద నిద్రలో తేడా రాలేదు.

అలాగని నైట్ లైట్ దండగ కాదు. గది వెలుతురు, స్క్రీన్ వెలుతురు ముందు సరిచేసి, చివర్లో దీన్ని పెడితే పని చేస్తుంది. ఆ తండ్రికి మేము చెప్పిన వరుస కూడా అదే.

ముందు గది

ఆయన పని చేసేది పడకగదిలో. పాప అదే గదిలో పడుకుంటుంది. పాపకు నిద్ర చెడకూడదని ట్యూబు ఆర్పేసి చీకట్లో లాప్‌టాప్ చూస్తున్నారు. కళ్ల మంటకు ఇదే పెద్ద కారణం. స్క్రీన్‌కీ దాని వెనక ఉన్న గోడకీ వెలుతురులో మరీ ఎక్కువ తేడా ఉండకూడదు.

దీనికి చిన్న టేబుల్ ల్యాంపు, అందులో 5 నుంచి 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. కొనేటప్పుడు డబ్బా మీద చూడండి. కూల్ డే లైట్ అంటే 6500 కెల్విన్, వార్మ్ వైట్ అంటే 2700 లేదా 3000. అడగకపోతే షాపులో సాధారణంగా తెల్లదే ఇస్తారు. ల్యాంపును స్క్రీన్ వెనక పెట్టి, వెలుగు గోడ మీద పడేలా తిప్పండి. బల్బు మీ కళ్లకు నేరుగా కనిపించకూడదు, స్క్రీన్ అద్దంలోనూ మెరవకూడదు.

పాప ముఖం మీద కూడా ఆ వెలుగు పడకూడదు. పిల్లల కంటి కటకం పెద్దవాళ్ల దానికంటే తేటగా ఉంటుంది, కంటిపాప కూడా పెద్దది. అందువల్ల అదే దీపం వెలుతురు వాళ్ల కంట్లోకి ఎక్కువగా వెళుతుంది. ఈ ఇంట్లో మంచం తలవైపు మార్చితే సరిపోయింది. కుదిరితే హాల్లో కూర్చోవడం ఇంకా మంచిది.

తర్వాత స్క్రీన్ వెలుతురు

ల్యాంపు వెలిగించాక స్క్రీన్ మీద ఒక ఖాళీ తెల్ల పేజీ తెరవండి. పక్కనే ఒక తెల్ల కాగితం పట్టుకోండి. కాగితం కంటే పేజీ దీపంలా వెలుగుతుంటే బ్రైట్‌నెస్ ఎక్కువైనట్టు. పేజీ బూడిదరంగులో కనిపిస్తే మరీ తక్కువైనట్టు. రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించేదాకా కీబోర్డు మీద బ్రైట్‌నెస్ మీటతో తగ్గించండి.

ఆయన లాప్‌టాప్ పగలు ఆఫీసులో పెట్టిన 90 శాతం మీదే రాత్రీ ఉంటోంది. కాగితం పెట్టి చూసి 35కి తెచ్చుకున్నారు. మీ స్క్రీన్‌కి, మీ గదికి వేరే అంకె రావచ్చు. అందుకే అంకె కంటే కాగితాన్నే నమ్మండి.

అప్పుడు నైట్ లైట్

విండోస్‌లో Settings > System > Display > Night light దగ్గరికి వెళ్లండి. అక్కడ Strength అనే గీత ఉంటుంది. దాని మీద కెల్విన్ అంకెలు ఉండవు, 0 నుంచి 100 దాకానే ఉంటుంది. 40 దగ్గర మొదలుపెట్టి, పక్కన పట్టుకున్న కాగితం రంగుకి పేజీ రంగు దగ్గరయ్యేదాకా జరపండి. గదిలో వార్మ్ వైట్ ల్యాంపు ఉంటే స్క్రీన్ పసుపు ఎబ్బెట్టుగా అనిపించదు. తెల్ల ట్యూబు కింద అదే స్క్రీన్ జబ్బుపడినట్టు కనిపిస్తుంది.

వేళ కూడా ముఖ్యమే. Sunset to sunrise ఎంచుకుంటే మన ఏలూరులో డిసెంబరు మొదట్లో సాయంత్రం ఐదున్నరకే స్క్రీన్ పసుపెక్కుతుంది. ఆ సమయానికి పిల్లలు ప్రాజెక్టు బొమ్మలకు రంగులు వేస్తుంటారు. Set hours ఎంచుకుని రాత్రి 8.30 నుంచి ఉదయం 6 దాకా పెట్టుకోండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో Settings > Display లో Night Light అని ఉంటుంది. సామ్‌సంగ్‌లో Eye comfort shield అంటారు. ఐఫోన్‌లో Settings > Display & Brightness > Night Shift.

ఇక్కడ ఆయనకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెప్పాలి. బాకీ ఉన్న రైతుల పేర్లకు ఆయన ఎక్సెల్ షీటులో లేత పసుపు రంగు వేస్తారు. నైట్ లైట్ 80 మీద ఉన్నప్పుడు తెల్ల గడులే పసుపుగా మారి, బాకీ గడులు వాటిలో కలిసిపోయాయి. ఒక రాత్రి రెండు బాకీలు అలాగే దాటిపోయాయి. నీలం తగ్గించిన స్క్రీన్ మీద పసుపుకీ తెలుపుకీ తేడా చెరిగిపోతుంది. ఇప్పుడు 45 మీద ఉంచి, బాకీలకు లేత ఆకుపచ్చ వాడుతున్నారు. ఫోటోలు, ఫ్లెక్సీ డిజైన్లు, బట్టల రంగులు చూసే పని ఉన్నవారు ఆ కాసేపు నైట్ లైట్ ఆపేయాలి.

ఇంకో సందేహం కూడా చాలామందికి వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపితే అవతలివారికి పసుపు కనిపించదు. రంగు మార్పు స్క్రీన్ మీదికి వెళ్లే చివరి దశలో జరుగుతుంది, ఫైలులో ఏమీ మారదు. కాబట్టి నైట్ లైట్ పని చేస్తోందో లేదో తెలియాలంటే స్క్రీన్ వంకే చూడాలి.

మిగిలినది కంటి పని

లాప్‌టాప్ చేతి పొడవు దూరంలో, పై అంచు కంటి ఎత్తు కంటే కాస్త కిందికి ఉండాలి. అంకెలు చిన్నవైతే ముందుకు వంగకండి. Ctrl నొక్కి మౌస్ చక్రం తిప్పి 130 శాతానికి పెంచండి. ఫ్యాను గాలి ముఖం మీదికి నేరుగా రాకుండా కూర్చోండి. ఒక్కో చెరువు లెక్క పూర్తయ్యాక తలెత్తి గది చివరకు కాసేపు చూసి, నాలుగైదు సార్లు నిండుగా రెప్పలు మూసి తెరవండి.

రెండు వారాల తర్వాత ఆయన మళ్లీ కనిపించారు. మంట చాలా తగ్గిందట. "కానీ పదకొండు దాటాక అంకెలు మసకబారుతున్నాయండి" అన్నారు. వయసు ఎంతని అడిగితే 43 అన్నారు. న్యూస్ పేపరు చేయి చాపి దూరంగా పట్టుకుంటున్నారట. అది చత్వారం. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ వచ్చేదే, అది స్క్రీన్ వల్ల రాదు, ఏ సెట్టింగూ దాన్ని సరిచేయదు. కంటి పరీక్ష చేయించుకుని, లాప్‌టాప్ దూరానికి సరిపడే అద్దాలు తీసుకోమని చెప్పాం.

మీకూ గది, బ్రైట్‌నెస్, రంగు సరిచేశాక రెండు వారాలకు కూడా తలనొప్పి, మసక, రెండుగా కనిపించడం ఉంటే కంటి డాక్టరుకు చూపించుకోండి. కన్ను ఎర్రబడి నొప్పి పెడుతున్నా, ఒక కంటి చూపు ఉన్నట్టుండి తగ్గినా రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే వెళ్లండి.

ఈ రాత్రికి

1. చీకట్లో పని చేయకండి. స్క్రీన్ వెనక వార్మ్ వైట్ ల్యాంపు పెట్టండి.
2. తెల్ల కాగితం పక్కన పెట్టి బ్రైట్‌నెస్ సరిచూడండి.
3. నైట్ లైట్ 40 దగ్గర మొదలుపెట్టండి. వేళ మీరే పెట్టుకోండి.
4. అక్షరాలు పెద్దవి చేసుకోండి. రెప్పలు వేయడం మరవకండి.