కవో న్యెత్? అంటే ఎవరు రాలేదని

రష్యాలో ఎంబీబీఎస్‌కి వెళ్లిన మన పిల్లలకి మొదటి ఏడాది వైద్యంతో పాటు రష్యన్ భాష క్లాసూ ఉంటుంది. టీచరమ్మ లోపలికి రాగానే బెంచీలవైపు చూసి అడిగే మొదటి మాట ‘కవో న్యెత్?’. ఎవరు రాలేదు అని. ఇక్కడే మనవాడు తికమకపడతాడు. ‘ఎవరు’ అనడానికి రష్యన్లో ‘క్తో’ అంటారని నిన్ననే నేర్పారు కదా, మరి ఈ ‘కవో’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

రష్యన్లో విభక్తులు ఆరు. అక్కడి బడిపిల్లలు వాటిని ప్రత్యయాల పట్టికగా మొదలుపెట్టరు, ప్రశ్నలుగా మొదలుపెడతారు. ఒక్కో విభక్తికీ రెండు ప్రశ్నలు: ఒకటి ప్రాణమున్నవాటికి, ఒకటి లేనివాటికి. ప్రథమకి ‘క్తో? ష్తో?’, అంటే ఎవరు, ఏమిటి. షష్ఠికి ‘కవో? చివో?’, ఎవరి, దేని. ద్వితీయకి ‘కవో? ష్తో?’, ఎవర్ని, దేన్ని. ఈ మూడు జతల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ద్వితీయకి సొంత ప్రశ్నే లేదు. మనిషి కోసం షష్ఠి నుంచి ‘కవో’నీ, వస్తువు కోసం ప్రథమ నుంచి ‘ష్తో’నీ అరువు తెచ్చుకుంది. ఈ అరువు సంగతి అర్థమైతే రష్యన్ విభక్తుల్లో సగం చిక్కు విడిపోయినట్టే.

ప్రథమతో పేచీ లేదు. పని చేసేదెవరో, అక్కడున్నదేమిటో అదే చెబుతుంది. బ్రాత్ అంటే అన్నో తమ్ముడో, స్తోల్ అంటే బల్ల. నిఘంటువులో కనిపించే రూపం ఇదే.

ఇప్పుడు ‘చూస్తున్నాను’ అనే మాట చేరుద్దాం. రష్యన్లో ‘యా వీఝు’. నేను బల్ల చూస్తున్నాను: ‘యా వీఝు స్తోల్’. బల్ల మారలేదు. నేను తమ్ముణ్ణి చూస్తున్నాను: ‘యా వీఝు బ్రాతా’. తమ్ముడు మారాడు. మొదటిదానికి ప్రశ్న ‘ష్తో’, రెండోదానికి ‘కవో’. ఇదేదో కొత్త వింత అనుకోనక్కర్లేదు, మనమూ రోజూ చేసే పనే. ‘ఏం కొన్నావు?’ అంటే ‘బల్ల కొన్నాను’ అంటాం, ‘ని’ లేకపోయినా మాట చెల్లుతుంది. ‘ఎవర్ని చూశావు?’ అంటే మాత్రం ‘తమ్ముడు చూశాను’ అని ఏ తెలుగువాడూ అనడు. ‘తమ్ముణ్ణి’ అనాల్సిందే. తేడా ఒక్కటే. మనం ‘తమ్ముడి’ అనే షష్ఠీ రూపానికి ‘ని’ తగిలిస్తాం. రష్యన్ వాళ్లు ఏమీ తగిలించకుండా ఆ ‘తమ్ముడి’ రూపాన్నే వాడేస్తారు.

ఎందుకలా? పాత స్లావిక్ భాషలో మాటల చివరి అక్షరాలు అరిగిపోయి, పుంలింగంలో ప్రథమా ద్వితీయా ఒకేలా తయారయ్యాయి. రష్యన్లోనూ మనలాగే మాటల్ని వాక్యంలో అటూ ఇటూ జరపొచ్చు. అలాంటి భాషలో ‘తండ్రి కొడుకు ప్రేమిస్తాడు’ అన్నట్టు మిగిలితే ఎవరు ఎవర్నో తేలదు. బల్ల విషయంలో ఆ గొడవ లేదు, అది మనల్ని చూడదు కదా! అందుకని ముందు మనుషులకి, తర్వాత జంతువులకి షష్ఠీ రూపం అరువిచ్చారు. ఆ పాత రోజుల గుర్తు ఒకటి ఇప్పటికీ మిగిలింది. ఆడపిల్ల పెళ్లి చేసుకోవడాన్ని ‘జాముష్’ వెళ్లడం అంటారు. ‘జా’ అంటే వెనక, ‘ముష్’ అంటే మొగుడు. ఇప్పటి లెక్క ప్రకారం ‘ముఝా’ కావాలి. అరువు అలవాటు కాకముందే గడ్డకట్టిన మాట కాబట్టి మొగుడు అందులో బల్లలాగే మార్పు లేకుండా ఉండిపోయాడు.

ఇక ప్రాణం ఉందా లేదా అన్నది డాక్టరు తేల్చేది కాదు, వ్యాకరణం తేల్చేది. చనిపోయిన మనిషికి రష్యన్లో రెండు మాటలున్నాయి. ‘త్రూప్’ అంటే శవం, దానికి ప్రాణం లేదు: ‘వీఝు త్రూప్’. ‘మిర్త్వ్యేత్స్’ అంటే చచ్చినవాడు, వ్యాకరణంలో వాడికి ప్రాణముంది: ‘వీఝు మిర్త్విత్సా’. చదరంగంలో మంత్రిని ‘ఫేర్జ్’ అంటారు. దాన్ని కొట్టినప్పుడు ‘ఫిర్జ్యా’ అని చెప్పాలి, చెక్కబొమ్మే అయినా.

ఆడ పేర్ల దగ్గరకొస్తే ప్రశ్న ఒక్కటే సరిపోదు. ‘క్నీగా’ అంటే పుస్తకం. ఏం చదువుతున్నావంటే ‘క్నీగు’ అనాలి. ప్రశ్నలో ‘ష్తో’ మారలేదు, జవాబులో పుస్తకం మారింది. ఆ-కారాంతాలకి ద్వితీయలో సొంతంగా ‘ఉ’ ఉంది, వాటికి అరువక్కర్లేదు. నాన్నని పిలిచే ‘పాపా’ కూడా ఆ-కారాంతమే. ఆయన మగవాడే అయినా ‘పాపు’ అవుతాడు. ముందున్న ‘నా’ అనే మాట మాత్రం ఆయన మగతనాన్ని మరిచిపోకుండా షష్ఠిలోకి వెళ్లి ‘మయివో పాపు’ అవుతుంది. విద్యార్థులు ఎక్కువగా జారేది ఇక్కడే.

మళ్లీ క్లాసుకొద్దాం. ‘న్యెత్’ అంటే లేదు. రష్యన్లో లేనిది ఎప్పుడూ షష్ఠిలోనే ఉంటుంది. ‘నాకు తమ్ముడున్నాడు’ అంటే ‘ఉ మిన్యా యెస్త్ బ్రాత్’, ఉన్నవాడు ప్రథమలో ఉన్నాడు. ‘నాకు తమ్ముడు లేడు’ అంటే ‘ఉ మిన్యా న్యెత్ బ్రాతా’. మనకి రెంటిలోనూ తమ్ముడు తమ్ముడే. వాళ్లకి లేనివాడు కర్త కాలేడు, ఫలానావాడి లేమి మాత్రమే ఉంటుంది. అందుకే టీచరమ్మ ‘క్తో’ అనలేదు. గ్లాసుడు నీళ్లలో నీళ్లూ, అయిదు బల్లల్లో బల్లలూ షష్ఠిలోకే పోతాయి. అంకెల్లో ఇంకో మెలిక ఉంది: రెండు, మూడు, నాలుగు తర్వాత ఏకవచన షష్ఠి, అయిదు నుంచి బహువచన షష్ఠి. రెండు బల్లలు ‘ద్వా స్తలా’, అయిదు బల్లలు ‘ప్యాత్ స్తలోఫ్’.

ఇప్పుడు జవాబు చెప్పాలి. శ్రీనివాస్ రాలేదు. హల్లుతో ముగిసిన మగ పేరు కాబట్టి ‘శ్రీనివాసా న్యెత్’. క్లాసులో ఎవరో ఏడుకొండలవాణ్ణి పిలిచినట్టే ఉంటుంది. అనిత రాకపోతే ‘ఆ’ పోయి దాని స్థానంలో ఇకారానికి దగ్గరి ధ్వని వస్తుంది. మన చెవికి అది ‘అనీతి న్యెత్’ అని వినిపిస్తుంది. మంచిదేగా అని వెనక బెంచీ నవ్వుతుంది. అదే అనితని బజార్లో చూశామంటే ‘అనీతు’. రవికీ లక్ష్మికీ ఏ బాధా లేదు. ఇకారంతో ముగిసిన విదేశీ పేర్లు ఏ విభక్తిలోనూ కదలవు.

ఇంకో చిక్కు కిరణ్‌ది. హల్లుతో ముగిసిన విదేశీ పేరు మగవాడిదైతే మారుతుంది, ఆడమనిషిదైతే మారదు. మనకి కిరణ్ అబ్బాయీ కావచ్చు, అమ్మాయీ కావచ్చు. క్లాసులో ఇద్దరూ ఉండి, అబ్బాయి రాని రోజున ఎవరైనా విభక్తి మరిచిపోయి ‘కిరణ్ న్యెత్’ అన్నారనుకోండి. ముందు వరసలో కూర్చున్న అమ్మాయికి గైర్హాజరు పడుతుంది.