ఒకే ఆలస్యం, రెండు రంగులు

ఓ పాల డెయిరీలో నెలవారీ రిపోర్టు తయారుచేసే రోజుల్లో నాకు ఎదురైన చిక్కు ఇది. రిపోర్టులో ప్రతి టార్గెట్ పక్కన ట్రాఫిక్ సిగ్నల్ లాగా ఒక రంగు ఉండేది: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. పసుపుని ఆఫీసుల్లో అంబర్ అని కూడా అంటారు. ఓ నెల ట్రాన్స్‌పోర్టు వాళ్ల వరసలో, తెల్లవారుజామున అయిదున్నరలోపు బూత్‌కి చేరిన వ్యాన్లు 97 శాతం, టార్గెట్ 98, రంగు పసుపు. దాని కిందే అమ్మకాల వాళ్ల వరసలో, ఆలస్యంగా చేరిన వ్యాన్లు 3 శాతం, టార్గెట్ 2, రంగు ఎరుపు. అవే వ్యాన్లు, అదే నెల. మీటింగ్‌లో ఇద్దరు మేనేజర్లూ నావైపే చూశారు.

లెక్కలో తప్పు లేదు. తప్పంతా రూల్లో ఉంది. టార్గెట్ అందితే ఆకుపచ్చ, అందులో పది శాతం లోపు తేడా వస్తే పసుపు, అంతకు మించితే ఎరుపు. చాలా ఆఫీసుల్లో ఇదే రూలు, ఎవరూ ప్రశ్నించరు. 98కి 97 అంటే తేడా ఒక శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి పసుపు. 2కి 3 అంటే యాభై శాతం ఎక్కువ కాబట్టి ఎరుపు.

ఆ రూలు ఎంత గుడ్డిదో తెలియాలంటే వ్యాన్లు లెక్కపెట్టాలి. నెలకు 3,000 ట్రిప్పులనుకుందాం. టార్గెట్ ప్రకారం 60 ఆలస్యమైతే ఫరవాలేదు. 98లో పది శాతం తగ్గిస్తే 88.2. అంటే 354 ట్రిప్పులు ఆలస్యమైనా ట్రాన్స్‌పోర్టు వరస పసుపులోనే ఉంటుంది! ఒప్పుకున్నదానికి దాదాపు ఆరు రెట్లు. అప్పటికి బూత్‌ వాళ్లు ఫోన్లు చేసీ చేసీ అలిసిపోయి ఉంటారు, రిపోర్టు మాత్రం ‘కాస్త చూసుకోండి’ అంటుంది. వందకు దగ్గరగా ఉండే ఏ టార్గెట్‌కైనా ఇదే గతి.

అందుకే శాతంలో శాతం మానేసి, గీతల్ని ఆలస్యమైన ట్రిప్పుల మీదే గీశాం. 60 వరకూ ఆకుపచ్చ, 61 నుంచి 90 దాకా పసుపు, ఆపైన ఎరుపు. మరి 90 ఎక్కడిది? ‘ఏ అంకె దగ్గర మీరు ఇంకో వ్యాను అద్దెకు తీసుకుంటారు?’ అని అడిగితే వచ్చింది. పసుపైతే ట్రాన్స్‌పోర్టు మేనేజరే సర్దుకుని, ఏ తేదీకల్లా అన్నది రాస్తాడు. ఎరుపైతే విషయం ఎండీ టేబుల్ మీదికి వస్తుంది. రంగు మారితే పని మారాలి. మారకపోతే అక్కడ రెండు రంగులెందుకు?

గీతలు గీసేముందు గత ఏడాది అంకెలు తిరగేయాలి. ఏ మార్పూ లేకుండానే ఆలస్యాలు నెలకో రకంగా 50కీ 70కీ మధ్య ఊగుతుంటే, 60 దగ్గర గీత పెట్టగానే రంగు ప్రతి నెలా అటూ ఇటూ దూకుతుంది. అలాంటిచోట ఒక్క నెల పసుపుకి సంజాయిషీ అడగడం దండగ. వరసగా రెండు నెలలు వస్తే అడగాలి.

ఎక్సెల్‌లో ఇంకో గుంట ఉంది, నేనే పడ్డాను. ఓ డిపో నుంచి లెక్క రాలేదు, గడి ఖాళీ. నా ఫార్ములా ఖాళీని సున్నా అనుకుంది. సున్నా ఆలస్యాలు, నిగనిగలాడే ఆకుపచ్చ. లెక్కే పంపని డిపోకి ఆ నెల మెచ్చుకోలు దక్కింది. తర్వాత ఖాళీకి వేరే రంగిచ్చాను:

```
=IF(B2="","బూడిద",IF(B2<=60,"ఆకుపచ్చ",IF(B2<=90,"పసుపు","ఎరుపు")))
```

రంగుతోపాటు దాని పేరూ గడిలో పడటం మంచిదైంది. మా ఎండీ గారు రిపోర్టు నలుపు-తెలుపు ప్రింటులో చదివేవారు.

రూలు ఎంత సరిగా ఉన్నా, ఎరుపు చూపించినవాడికి చీవాట్లు పడితే అంకెలే రంగు మార్చుకుంటాయి. పైకి పచ్చ, కోస్తే ఎరుపు కాబట్టి అలాంటి రిపోర్టుని పుచ్చకాయ అంటారు. 2006లో బోయింగ్ నుంచి ఫోర్డ్ కంపెనీకి సీఈఓగా వచ్చిన అలన్ ములాలీకి ఎదురైంది ఇదే. కంపెనీ వేల కోట్ల డాలర్ల నష్టంలోకి జారుతుంటే, గురువారం మీటింగుల్లో చార్టులన్నీ ఆకుపచ్చే. చివరికి మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి, ఎడ్జ్ అనే కొత్త కారు విడుదల ఆగిందని ఎరుపు చూపించాడు. ఇక ఇతని పని అయిపోయిందనుకున్నారు మిగతావాళ్లు. ములాలీ చప్పట్లు కొట్టి, ఇతనికి ఎవరు సాయపడగలరని అడిగాడు. ఆ తర్వాతి వారాల్లో మిగతావాళ్ల చార్టుల్లోనూ పసుపు, ఎరుపు కనిపించడం మొదలైంది.

మా డెయిరీలో చప్పట్లేమీ మోగలేదు. కొత్త గీతలు పెట్టిన మొదటి నెల ఆలస్యాలు 94. ట్రాన్స్‌పోర్టు మేనేజరు నా సీటు దగ్గరికొచ్చి, ‘తొంభైని తొంభై అయిదు చేస్తే నీ సొమ్మేం పోయింది?’ అన్నాడు. గీతలు ఏప్రిల్‌లో ఒకసారే మారతాయని ఎండీ గారు సంతకం చేసిన కాగితం చూపించాను. ఆ నెలాఖరుకి అద్దె వ్యాను వచ్చింది.