బంగాళాదుంపలో పొటాషియం తగ్గించుటకు రెండుసార్లు ఉడికించే విధానం

మూత్రపిండాల వ్యాధిగ్రస్తులలోను, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మాత్రలు వాడేవారిలోను పొటాషియం విసర్జన తగ్గవచ్చు. రక్తంలో దాని స్థాయి పెరిగితే గుండె లయ దెబ్బతింటుంది.

200 గ్రాముల పచ్చి బంగాళాదుంపలో సుమారు 800 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఇది కణాల లోపల ఉండుట వలన ముక్కలను చల్లని నీటిలో నానబెట్టినా అంతగా తగ్గదు. వేడికి కణపొరలు దెబ్బతిన్నప్పుడే నీటిలోకి దిగుతుంది.

కావున తొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి, రెట్టింపు నీటిలో మరిగించి, ఆ నీటిని పారబోయాలి. తిరిగి కొత్త నీరు పోసి, మెత్తబడే వరకు ఉడికించి వార్చాలి. ఇందువలన పొటాషియం దాదాపు సగానికి తగ్గుతుంది. వార్చిన నీటిని చారులో కలిపితే ఫలితం దక్కదు.

హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి మాత్రలు పొటాషియంను తగ్గిస్తాయి. కావున రక్తపరీక్ష ఆధారంగా, వైద్యుని సలహాపైననే ఈ విధానాన్ని సూచించాలి.