తొమ్మిది లక్షల లెక్క కాగితం మీద పెట్టడం

పెద్దనోట్ల రద్దు తర్వాత, 2016 నవంబరులో, గుంటూరు వైపు మిర్చి రైతు ఒకాయన తొమ్మిది లక్షల నగదు బ్యాంకులో జమచేశారనుకుందాం. ఆ సొమ్ము ఎక్కడిదో తేలలేదని అధికారి సెక్షన్ 69ఏ కింద మొత్తం తొమ్మిది లక్షలూ ఆదాయంలో కలిపేశారు. ఆ ఏటి లెక్కల్లో దీనికి పన్ను, సర్‌ఛార్జి, సెస్సు కలిపి 77.25 శాతం, అంటే రూ.6,95,250. వడ్డీ దీనికి అదనం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఉత్తర్వు వచ్చాక అదే అధికారికి అభ్యంతర లేఖ రాస్తే, ఆయన సరిచేయగలిగేది కూడికల్లో తప్పు వంటి పైకి కనిపించే పొరపాట్లను మాత్రమే. సొమ్ము ఎక్కడిదన్న వాదన మళ్లీ వినే అధికారం ఆయనకు లేదు. ఆ వాదనను డిమాండు నోటీసు అందిన 30 రోజుల్లోగా అప్పీళ్ల కమిషనరు ముందు, ఫారం 35లో పెట్టాలి. లేఖకు జవాబు వస్తుందని ఎదురుచూస్తుంటే గడువు దాటిపోతుంది.

అప్పీలులో ‘నాకు అన్యాయం జరిగింది’ అని రాస్తే పని జరగదు. మన రైతు లెక్క ఇలా ఉంటుంది: ఏప్రిల్, మే నెలల్లో మిర్చి అమ్మకం 7.20 లక్షలు, జులైలో కూతురి పెళ్లికని బ్యాంకు నుంచి తీసింది 3.50 లక్షలు, ఇంటి ఖర్చులు 1.70 లక్షలు పోగా మిగిలింది తొమ్మిది లక్షలు. ఖర్చులు చూపకపోతే నెలల తరబడి ఇల్లెలా గడిచిందని అడుగుతారు. పెళ్లి ఎందుకు వాయిదా పడిందో కూడా రాయాలి. తీసిన డబ్బు అన్నాళ్లు ఇంట్లో ఎందుకుందన్న ప్రశ్న తప్పదు.

అమ్మకాన్ని, బ్యాంకు నుంచి తీసినదాన్ని వేర్వేరు అభ్యంతరాలుగా రాయడం మేలు. మిర్చి డబ్బును నమ్మకపోయినా, బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించే 3.50 లక్షలనైనా తగ్గించమని అడగవచ్చు. అమ్మకానికి కమీషన్ ఏజెంటు ఇచ్చిన పట్టీలు, పంట వేసినట్టు అడంగల్, పాస్‌పుస్తకం జతచేయాలి. పట్టీ మీద తేదీ, బస్తాలు, ధర ఉండాలి. అడంగల్‌లో రెండెకరాలే ఉండి, పట్టీల్లో పదెకరాల దిగుబడి కనిపిస్తే కేసు అక్కడే దెబ్బతింటుంది.

విచారణ సమయంలో ఇవ్వని కాగితాన్ని అప్పీలులో కొత్తగా పెట్టాలంటే రూల్ 46ఏ అడ్డొస్తుంది. అప్పుడెందుకు ఇవ్వలేకపోయారో, ఉదాహరణకు గడువు సరిపోలేదనో ఇచ్చినా తీసుకోలేదనో, కారణం చూపాలి. అందుకే షోకాజ్ నోటీసుకు జవాబిచ్చేటప్పుడే అన్నీ జతచేసి, రసీదు దాచుకోవాలి.

అధికారికి రాయాల్సిన లేఖ వేరే ఉంది. అప్పీలు తేలేదాకా వసూలు ఆపమని, ఫారం 35 రసీదు జతచేసి అడగాలి. సాధారణంగా డిమాండులో 20 శాతం కట్టమంటారు. పన్ను వరకే చూసినా ఇక్కడ అది రూ.1,39,050.