రెండో లైనులోకి జారిపోయిన లింకు

తెలుగు వికీపీడియాలో ‘తెలుగు’ అనే పేజీ చిరునామాను కాపీ చేసి మెయిల్లో పెట్టి చూడండి. చాలాసార్లు తెలుగు అక్షరాలకు బదులు శాతం గుర్తుల వరస వచ్చిపడుతుంది. కంప్యూటర్ లెక్కలో ‘తెలుగు’ అంటే ఆరు అక్షరాలు, ఎత్వమూ కొమ్ములూ విడివిడిగానే. లింకులో ఒక్కొక్కటీ తొమ్మిది గుర్తులవుతుంది. అంటే 54. ముందున్న 30 కలిపితే మొత్తం 84.

మెయిల్ ప్రమాణాల ప్రకారం ఒక లైను 78 గుర్తులు దాటకపోవడం మంచిది. అందుకని కొన్ని ప్రోగ్రాములు పంపేటప్పుడు 72 దగ్గరే లైను విరిచేస్తాయి. అప్పుడు మన లింకు ఇలా చేరుతుంది:

```
https://te.wikipedia.org/wiki/%E0%B0%A4%E0%B1%86%E0%B0%B2%E0%B1%81%E0%B0
%97%E0%B1%81
```

‘గ’కు చెందిన మూడు ముక్కల్లో రెండు పై లైనులో, ఒకటి కింది లైనులో పడ్డాయి. నొక్కితే పై లైను మాత్రమే వెళ్తుంది కాబట్టి పేజీ రాదు. పంపినవారికి ఇది తెలియదు, ఎందుకంటే రాసేటప్పుడు తెరమీద లింకు నిక్షేపంగానే ఉంది.

లింకు రెండు లైన్లలో కనిపించినంత మాత్రాన తెగినట్టు కాదు. కిటికీని వెడల్పు చేసి చూడండి. విరుపు చోటు మారితే అది చూపు కోసం మడిచిందే, భయం లేదు. అక్కడే ఉండిపోతే నిజంగా తెగింది. నీలిరంగు, కిందిగీత మొదటి లైనుతోనే ఆగిపోవడం ఇంకో గుర్తు. అలాంటి లింకు అందితే మొదటి ముక్కను బ్రౌజర్లో అతికించి, ఖాళీ లేకుండా రెండోదాన్ని చేర్చాలి. లైను చివర చిన్నగీత ఉంటే అది లింకుదో, విరిచినప్పుడు వచ్చిందో చెప్పలేం. రెండు విధాలా ప్రయత్నించాల్సిందే.

పంపేవారు లింకును విడి లైనులో, < > గుర్తుల మధ్య పెట్టడం మేలు. వెనకాలే ఫుల్‌స్టాప్ పెడితే కొన్ని ప్రోగ్రాములు దాన్నీ లింకులో కలిపేస్తాయి. అందరికీ పంపేముందు ఒక కాపీ మనకే పంపుకుని, అందిన మెయిల్లోంచి నొక్కి చూడాలి. నా దృష్టిలో ఇదొక్కటే నమ్మదగిన పరీక్ష. పాత మెయిల్‌ను దిద్ది వాడుతుంటే ఇది మరీ అవసరం. పైకి కనిపించే అక్షరాలు మార్చినా, అడుగున పాత లింకే మిగిలిపోతుంటుంది.

మెయిల్ చిరునామాలతో చిక్కు వేరు. తప్పు చిరునామాకు కూడా నీలిరంగు వస్తుంది. .comలో చివరి అక్షరం పోయి .co అయితే అదీ చెల్లే చిరునామాయే, కొలంబియా దేశానిది. అమెరికా సైన్యం వాడే .milలో i జారితే ఆఫ్రికాలోని మాలీ దేశపు .ml అవుతుంది. అలా దారితప్పిన వేలాది మెయిళ్ల సంగతి 2023లో బయటపడింది. అవతల ఆ పేరుతో పెట్టె ఉంటే మెయిల్ తిరిగి కూడా రాదు. అందుకే చిరునామాను చేత్తో కొట్టకుండా, అవతలివారు ఇదివరకు రాసిన మెయిల్లోంచి కాపీ చేసుకోవాలి. అది లేకపోతే @ తర్వాతి భాగాన్ని ఒక్కో అక్షరంగా, చివరినుంచి వెనక్కి చదవాలి.